ప్రార్థన వేళకు ఒక నాటిక: నాలుగు పాత్రలు, ఒక పాయింటు

మన కళాశాలలో చదువు ముగించుకొని వెళ్ళే విద్యార్థులలో కొందరు ఉపాధ్యాయ శిక్షణ పొంది పల్లె పాఠశాలలలో చేరుదురు. చేరిన కొద్ది దినములకే ప్రధానోపాధ్యాయులు పిలిచి, "వచ్చే సోమవారం ప్రార్థనలో మీ తరగతి పిల్లలచేత ఏదైనా నాటిక వేయించండి, ఆటల పోటీలు వస్తున్నవి గనుక క్రీడాస్ఫూర్తి మీద అయితే బాగుంటుంది" అని ఒక పని అప్పగింతురు. ఇచ్చెడి సమయం అయిదు నిమిషాలు. రంగస్థలం వరండా అరుగు గాని, జెండా కట్టె ముందరి ఖాళీ జాగా గాని. ప్రేక్షకులు ఎండలో వరుసలు కట్టి నిలుచున్న రెండు మూడు వందల మంది పిల్లలు. ఈ పనిని ఎట్లు చేయవచ్చునో ఒక నాటికను పూర్తిగా వ్రాసి చూపుచు వివరించుట ఈ వ్యాసములో మా ఉద్దేశ్యం. మేము మనసులో ఉంచుకొన్నది రఘునాథపల్లి వంటి ఊరి బడి. కాజీపేట, సికింద్రాబాదు రైలు మార్గం మీది ఈ ఊరు 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, తరువాత జనగామ జిల్లాలో చేరినది. ఇటువంటి ఊళ్ళలో బడి అన్న తరువాత కబడ్డీ గీతలు ఉండక తప్పదు. మన నాటికకు కావలసినది కూడ అదియే.

ముందుగా ఒక మాట. "క్రీడాస్ఫూర్తి", "న్యాయమైన ఆట" అన్నవి పెద్దల మాటలు. పిల్లలకు ఈ విషయమున స్వంత మాట ఒకటి కలదు. అది "తొండి". గోటీలాటలో, గిల్లీదండలో, చెడుగుడులో అన్యాయంగా ఆడినవానిని తోటివారు "తొండి ఆడుతున్నడు" అందురు. అన్యాయానికి అంత స్పష్టమైన పేరు పెట్టిన పిల్లలు న్యాయంగా ఆడుటకు పేరు పెట్టలేదు. అది వారికి ఒక గుణముగా కాక, మామూలు ఆటగా తోచుటయే కారణమై యుండును. కావున "నాయనలారా, న్యాయంగా ఆడవలెను" అని రంగస్థలం మీదినుండి చెప్పినపుడు వారికి అది ఆటకు సంబంధించిన మాటగా వినిపించదు, పాఠముగా వినిపించును.

ప్రార్థన వేళల యందు మేము చూచిన నాటికలలో ఎక్కువ భాగం ఒకే అచ్చులో పోసినవి. ఒక మంచి బాలుడు, ఒక చెడ్డ బాలుడు. చెడ్డవాడు కాలు అడ్డుపెట్టి గెలుచును, పట్టుబడును, ఏడ్చును. మంచివానికి బహుమతి వచ్చును. చివర ఉపాధ్యాయుడు ముందుకు వచ్చి నీతి చెప్పును. ఈ అచ్చులోని లోపం ఏమనగా, చూచుచున్న పిల్లవాడు ఎవ్వడును తనను ఆ చెడ్డవాని స్థానంలో ఊహించుకొనడు. కాలు అడ్డుపెట్టుట తప్పని వానికి ముందే తెలియును. తెలిసిన దానిని అయిదు నిమిషాలు చూచి తరగతికి పోవును. పిల్లలకు నిజముగా కష్టమైన ఘట్టం వేరొకటి కలదు. తాను ఏ తప్పును చేయలేదు, తీర్పరి పొరపడినాడు, ఆ పొరపాటు తనకే లాభించినది. ఇప్పుడు చేయవలసిన పాపమేమియు లేదు, ఊరుకున్న చాలును. నాటిక పుట్టవలసిన చోటు ఇది.

ఈ ఘట్టం మన దేశపు క్రీడా చరిత్రలో అందరి కన్నుల ఎదుట జరిగిన సందర్భమొకటి ఉన్నది. 1980 ఫిబ్రవరిలో బొంబాయి వాంఖడే మైదానంలో భారత, ఇంగ్లండు జట్ల మధ్య టెస్టు మ్యాచి జరిగినది. భారత క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ సందర్భముగా ఏర్పాటైన మ్యాచి అది. భారత జట్టుకు కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్. ఇంగ్లండు జట్టు 58 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకొన్నది. ఇయాన్ బోథంతో కలసి వికెట్ కీపరు బాబ్ టేలర్ ఆడుచుండగా, కపిల్ దేవ్ వేసిన బంతికి టేలర్ క్యాచి ఔటని అంపైరు వేలు ఎత్తినాడు. మొదటి స్లిప్పులో నిలుచున్న విశ్వనాథ్ మాత్రం బంతి బ్యాటుకు తగులలేదని తలచి, అంపైరుతో మాట్లాడి టేలరును వెనుకకు పిలిపించినాడు. టేలర్ 43 పరుగులు చేసినాడు. బోథం, టేలర్ కలసి ఆరవ వికెట్టుకు 171 పరుగులు చేర్చినారు. ఇంగ్లండు పది వికెట్ల తేడాతో గెలిచినది.

ఇందు గమనించవలసినవి రెండు కలవు. తీర్పు అప్పటికే భారత జట్టుకు అనుకూలంగా వచ్చియున్నది. దానిని మార్చుటకు విశ్వనాథ్ తానై నోరు విప్పవలసి వచ్చినది. రెండవది, దానికి మూల్యం నిజమైనది. ఓడినది సాక్షాత్తు తన జట్టు. ఈ రెండును లేని సందర్భం అందమైనదే కావచ్చును గాని మన నాటికకు సరిపోదు. 2016లో రియో ఒలింపిక్స్ ఫైనలులో కరోలినా మారిన్ చేతిలో ఓడిన పి.వి. సింధు, నేలకు వాలి ఏడ్చుచున్న మారిన్‌ను కౌగిలించుకొని, కింద పడియున్న ఆమె రాకెట్టును తీసిపెట్టుట మన తెలుగు పిల్లలందరును టీవీలో చూచినదే. అది గొప్ప మర్యాద. అయితే అప్పటికి ఆట ముగిసినది. ఆ మర్యాద వలన సింధు పోగొట్టుకొనునది ఏదియు లేదు. మర్యాద వేరు, తనకు దక్కిన పాయింటును వదులుకొనుట వేరు.

మరి విశ్వనాథ్ కథనే నాటికగా వేయరాదా అని అడుగవచ్చును. వేయవచ్చును గాని బడి ఆవరణలో అది నిలువదు. బ్యాటుకు బంతి తగిలినదో లేదో పది గజాల దూరంలోని పిల్లవానికి కనబడదు. పైగా, పది వికెట్ల ఓటమి అన్న మాట వినగానే వెనుక వరుసవారికి మిగులునది "నిజం చెప్పితే ఓడుదుము" అన్న సారాంశం మాత్రమే. కథలోని ఎముకను తీసికొని, పిల్లలు ప్రతి సాయంత్రం ఆడే ఆటలో దానిని పెట్టుట మేలు.

కబడ్డీలో దీనికి సరియైన నియమం ఒకటి దొరుకును. కోర్టుకు రెండు ప్రక్కల ఒక్కొక్క మీటరు వెడల్పున లాబీ అను పట్టీ ఉండును. కూతకు వచ్చిన రైడర్ ఎవరినీ తాకకుండ ఆ లాబీలో అడుగు పెట్టెనా, అతడు ఔటు; పాయింటు ఎదుటి జట్టుది. డిఫెండరును తాకిన తరువాత అడుగు పెట్టినచో లాబీ కూడ ఆటస్థలములో భాగమగును. అప్పుడు అతడు క్షేమంగా తన వైపు చేరినచో పాయింటు అతని జట్టుదే. అనగా ఒకే అడుగు, తాకుడు ముందున్నచో ఒకరికి పాయింటు, లేనిచో వేరొకరికి. ఆ తాకుడు ఒక వ్రేలికొన మోచేతికి తగిలినంత మాత్రమైనచో, అది జరిగినదని నిశ్చయంగా తెలిసినవారు ఇద్దరే ఇద్దరు. పెద్ద పోటీలలో రెఫరీ, ఇద్దరు అంపైర్లు ఉందురు. టీవీలో వచ్చు పోటీలలో కెమెరాలు కూడ ఉన్నవి. బడి మైదానంలో ఈలతో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు మాత్రమే ఉండును. ఆయన గీత మీది కాలును చూచిన క్షణమున చేతిని చూడలేడు. ఆయన పొరపాటులో దోషం లేదు. ఇది నాటికకు ఎంతో ఉపకరించును. ఉపాధ్యాయుని మూర్ఖునిగా చూపు నాటికను ఏ ప్రధానోపాధ్యాయుడును వేయనీయడు కదా!

ఇక నాటిక. పాత్రలు నాలుగు: రెఫరీ, రైడర్, డిఫెండర్, అతని కెప్టెన్. నేల మీద సున్నముతో రెండే గీతలు గీయవలెను: ఒకటి మధ్య గీత, రెండవది లాబీ గీత. మిగిలిన గీతలన్నియు చూచువారిని తికమక పెట్టును. నాటికకు ముందు ఒక విద్యార్థి వచ్చి లాబీ గీతను చూపి, "ఎవరినీ తాకకుండ ఈ గీత దాటితే రైడర్ ఔట్. తాకి దాటితే ఔట్ కాదు" అని రెండు వాక్యాలు చెప్పి వెళ్ళవలెను. అతడు పాత్ర కాడు.

రెఫరీ: (బిగ్గరగా) స్కోరు ఇరవై నాలుగు, ఇరవై నాలుగు! ఇదే ఆఖరి కూత! (ఈల)

కెప్టెన్: మనం ఇద్దరమే మిగిలినం. ఆ మూల నువ్వు చూసుకో.

డిఫెండర్: సరే అన్నా.

రైడర్: కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ... (లాబీ గీత వైపు జరుగును. రెఫరీ వంగి అతని కాలినే చూచుచుండును. రైడర్ చేయి డిఫెండర్ మోచేతిని తాకును. నలుగురును కదలక నిలిచిపోవలెను. మనసులో మూడు లెక్కించవలెను. తరువాత రైడర్ లాబీలో అడుగు పెట్టి, మధ్య గీత దాటి తన వైపు చేరును. ఈల.)

రెఫరీ: రైడర్ ఔట్! లాబీ తొక్కిండు. టచ్ లేదు.

కెప్టెన్: గెలిచినం! ఇరవై అయిదు! గెలిచినం!

రైడర్: సార్, తాకిన సార్! మోచెయ్యి తాకినంకనే అడుగు పెట్టిన!

రెఫరీ: ఇందాక గూడ తాకిన అన్నవ్. తాకలేదని తేలింది.

రైడర్: ఇందాక అబద్ధం సార్. ఇప్పుడు నిజం.

రెఫరీ: ఇగ చాలు. స్కోరు కాగితం తెస్త. వచ్చి రాస్త. (జెండా కట్టె వైపు వెళ్ళి, వెనుదిరిగి నిలుచును.)

డిఫెండర్: అన్నా.

కెప్టెన్: ఏంది? గెలిచినం గద, మొఖం అట్ల పెట్టినవేంది?

డిఫెండర్: తాకిండన్నా.

కెప్టెన్: ఏడ?

డిఫెండర్: (మోచేయి ఎత్తి చూపి) ఈడ.

కెప్టెన్: సార్ చూసిండా?

డిఫెండర్: లే.

కెప్టెన్: ఇంకెవరన్న చూసిండ్రా?

డిఫెండర్: లే.

కెప్టెన్: మరి? సార్ తీర్పు ఇచ్చిండు. సార్ మాట కాదంటవా?

డిఫెండర్: సార్ కాలు చూసిండు. చెయ్యి చూడలే.

కెప్టెన్: నువ్వు అబద్ధం చెప్పినవా?

డిఫెండర్: లే.

కెప్టెన్: మరి తప్పేంది? ఊకుండుడు అబద్ధమా?

(డిఫెండర్ మాట్లాడడు.)

కెప్టెన్: వాడు ఇందాక తొండి ఆడలేదా?

డిఫెండర్: ఆడిండు.

కెప్టెన్: గసుంటోని కోసం నువ్వు పాయింటు ఇడుస్తవా?

డిఫెండర్: వాని కోసం కాదన్నా. ఆ పాయింటు మనది కాదు.

కెప్టెన్: మనోళ్ళు అయిదుగురు బయట కూసున్నరు. పొద్దటి సంది ఆడిండ్రు. వాళ్ళకేం చెప్తవ్?

డిఫెండర్: ఇయ్యాల ఊకుంటే, రేపు వాళ్ళకేం చెప్తవన్నా?

రైడర్: (దగ్గరకు వచ్చి, మెల్లగా కాక స్పష్టంగా) నీకు తెలుసు గదరా.

డిఫెండర్: తెలుసు.

(కెప్టెన్ ఇద్దరి ముఖములు చూచును. రెఫరీ కాగితంతో తిరిగి వచ్చును.)

రెఫరీ: ఇరవై అయిదు, ఇరవై నాలుగు. రాస్తున్న. చెప్పేదుంటే ఇప్పుడే చెప్పాలె.

(డిఫెండర్ ఒక అడుగు ముందుకు వేయును. కెప్టెన్ అతని భుజం పట్టి ఆపును. ఒక్క క్షణం. కెప్టెన్ తానే ముందుకు వచ్చును.)

కెప్టెన్: సార్, ఆ పాయింటు మాది కాదు.

(నలుగురును కదలరు. బడి గంట.)

నాటిక ఇంతే. దీనిని ఇట్లు వ్రాయుటకు కారణములు చెప్పెదము.

నాటిక బరువంతయు కెప్టెన్ మీద ఉన్నది. అతడు దుర్మార్గుడు కాడు. అతని ప్రశ్నలు ఒక్కొక్కటియు నిజంగా ఏ పిల్లవాడైనను తనకు తాను చెప్పుకొను సమాధానమే. ఎవరూ చూడలేదు. పెద్దలు తీర్పు చెప్పినారు, కాదనుట అవిధేయత. నేను అబద్ధమాడలేదు, ఊరకుంటిని. ఎదుటివాడు మాత్రం మంచివాడా? నా వారి కష్టం వృథా కావలెనా? ఈ వాదములలో ఏ ఒక్కటి బలహీనపడినను నాటిక మరల ఆ పాత అచ్చులోనికి జారిపోవును. తాలీము చేయించునపుడు కెప్టెన్ వేషం ధరించిన బాలుడు కోపంతో అరచుచున్నచో ఆపి, స్నేహితునికి నచ్చజెప్పునట్లు పలుకుమని చెప్పవలెను. అరచునట్టి కెప్టెనును పిల్లలు వెంటనే చెడ్డవానిగా లెక్క వేసికొని నిశ్చింతగా ఉందురు.

డిఫెండర్ మాటలు తక్కువ. "ఊకుండుడు అబద్ధమా?" అన్న ప్రశ్నకు అతనిచేత జవాబు చెప్పించలేదు. ఆ చోట ఒక మంచి వాక్యం వ్రాయవలెనని ప్రతి రచయితకును చేయి దురద పెట్టును. దానిని అణచుకొనవలెను. పదునాలుగేండ్ల బాలునికి ఆ ప్రశ్నకు సమాధానం తెలిసియుండదు. తాకినదని మాత్రమే తెలియును.

రైడరును మంచివానిగా చేయకపోవుట కూడ కావలెనని చేసినదే. అతడు ఇంతకుముందు దొంగ తాకుడు చెప్పియున్నాడు. ఆ కారణం చేతనే రెఫరీ అతనిని నమ్మడు, ఆ కారణం చేతనే కెప్టెన్ వాదనకు బలము వచ్చును. ఎదుటివాడు అర్హుడైనపుడు అతని పాయింటు అతనికి ఇచ్చుట సులభం. "ఇందాక అబద్ధం సార్. ఇప్పుడు నిజం" అన్నచోట పిల్లలు గట్టిగా నవ్వుదురు. ఆ నవ్వు ముగియువరకు రెఫరీ ఆగి, తరువాతనే తన మాట పలుకవలెను. లేనిచో ఆయన వెళ్ళిపోవుటకు కారణం ఎవ్వరికిని వినబడదు.

పాత్రలకు పేర్లు పెట్టలేదు. ఇది మన కళాశాల వంటి చోట, రెండు మతముల పిల్లలు ఒకే వరుసలో నిలుచు ఊరి బడులలో, ఆలోచించదగిన విషయం. తొండి ఆడినవానికి ఒక పేరు, నిజం చెప్పినవానికి ఒక పేరు పెట్టినామా, ఆ సాయంత్రమే ఎవరో ఒకరి ఇంట ఆ పేర్ల మీద చర్చ జరుగును. "అన్నా", "సార్" అన్న పిలుపులతో నాటిక అంతయు నడచిపోవుచున్నది. రెండు జట్లకు కూడ రంగులు గాని హౌసుల పేర్లు గాని పెట్టకుండుట మంచిది. ఓడిన హౌసు పిల్లలు నాటికను మరచి ఆ ఓటమిని మాత్రం గుర్తుంచుకొందురు.

ఇక ముగింపు వాక్యం. ప్రార్థనలో వేయు నాటికకు చివరి మాట ఎంత స్పష్టముగా నుండిన అంత మంచిది. ఏలయనగా దాని తరువాత తెర పడదు, దీపాలు ఆరిపోవు, నాటిక ముగిసినదని తెలుపుటకు ఆ మాట తప్ప వేరు సాధనం లేదు. అది చిన్నదై యుండవలెను, చివరి వరుసకు వినబడవలెను, కథలో ఒక పనిని చేయవలెను. "సార్, ఆ పాయింటు మాది కాదు" అన్నది అయిదు మాటలు. ఇది నీతివాక్యం కాదు. ఒక తీర్పును మార్చునట్టి మాట. ఈ మాట పలికినంతనే ఎవరు గెలిచినదియు, ఎవరు ఓడినదియు, ఎవరు మారినదియు పిల్లలకు తెలిసిపోవును.

ఈ వాక్యం అంతకు పూర్వమే ఒకసారి వినబడినది. డిఫెండర్ తన కెప్టెనుతో "ఆ పాయింటు మనది కాదు" అన్నాడు. ఒకే జట్టువారు తమలో తాము మాట్లాడుకొనునపుడు తెలుగులో "మన" అందుము; బయటివారితో మాట్లాడునపుడు "మా" అందుము. మనది అన్నంతవరకు అది ఇద్దరి మధ్య రహస్యమే. కెప్టెన్ రెఫరీ ఎదుట "మాది" అన్నపుడు ఆ మాట జట్టు గడప దాటినది. ఈ ఒక్క అక్షరపు మార్పును పిల్లలు వ్యాకరణముగా గుర్తింపరు, కాని వారి చెవి గుర్తించును. చివరి వాక్యమును డిఫెండర్ చేత పలికించినచో ఈ ప్రయోజనం పోవును. తాలీములో కొందరు ఉపాధ్యాయులు "నిజం తెలిసినవాడు అతడే కదా" అని అట్లు మార్చబోవుదురు. నిజం తెలిసినవాడు అతడే, కాని పాయింటు వదులుకొనుట కెప్టెన్ చేతిలోని పని. విశ్వనాథ్ కథలో ఉన్న ఎముక ఇదియే.

భుజం పట్టి ఆపుట కూడ అందుకొరకే పెట్టినది. ఆ క్షణమున చూచువారందరును "అయ్యో, చెప్పనీయలేదు" అనుకొందురు. ఆ తరువాతి అడుగు వారి ఊహకు ఎదురుగా పడును. కెప్టెన్ ఎందుకు మారెనో నాటిక చెప్పదు. "నీకు తెలుసు గదరా", "తెలుసు" అన్న రెండు మాటలను అతడు విన్నాడు. అంతకన్న వివరణ అక్కరలేదని మా అభిప్రాయం.

మైదానములో చేయునపుడు చెడిపోవు చోట్లు మూడు నాలుగు కలవు. మొదటిది తాకుడు. అది కనబడకపోయిన నాటిక మొత్తం వ్యర్థమే. డిఫెండర్ మోచేయి పిల్లల వైపు ఉండవలెను. రెఫరీ అవతలి ప్రక్కన వంగి యుండవలెను. రైడర్ శరీరం మధ్యలో అడ్డు రాకూడదు. సాధారణంగా తాలీములో బాలురు నిజమైన కబడ్డీ వేగముతో ఆడి తాకుడును మింగివేయుదురు. అందుకొరకే మూడు లెక్కించువరకు కదలక నిలుచుట. ఆ మూడు లెక్కలు రంగస్థలం మీది బాలునికి చాల దీర్ఘముగా తోచును, ఒకటిన్నరకే కదలిపోవును. సున్నపు గీతను గట్టిగా తొక్కిన శబ్దమును గుర్తుగా పెట్టుకొని, రెఫరీ మడమ నేల తట్టినప్పుడే అందరును కదలవలెనని ఏర్పాటు చేయుట మేలు.

రెండవది గొంతు. ఆరుబయట గాలికి మాట నిలువదు. మైకు ఉన్నను నలుగురు ఒక మైకు చుట్టు మూగినచో కబడ్డీ ఎట్లు ఆడుదురు? అందువలన ఈ నాటికలో దాదాపు ప్రతి మాటయు ఆరేడు పదములకు మించలేదు. స్కోరును పలక మీద వ్రాసి చూపక నోటితో చెప్పించుట కూడ అందుకే. ఇద్దరు రహస్యముగా మాట్లాడుకొను ఘట్టమైనను గుసగుసలాడరాదు. తలలు దగ్గర చేర్చి, గొంతు మాత్రం బయటకు వదలవలెను. ఈ విద్య మన వీధి నాటకముల వారికి బాగుగ తెలియును.

"ఇంకెవరన్న చూసిండ్రా?" అని కెప్టెన్ అడిగినపుడు ముందు వరుసలోని చిన్న పిల్లలు "మేం చూసినం!" అని కేకలు వేయుట ఖాయం. దీనికి భయపడి ఆ మాటను తీసివేయరాదు. నటులు ప్రేక్షకుల వైపు చూడకుండ, కేకలు తగ్గువరకు నిలిచి, డిఫెండర్ "లే" అనవలెను. ఆ చిన్న జవాబు అప్పుడు ఇంకను బాగుగ పండును. ఒక్కటే జాగ్రత్త: కెప్టెన్ వేషగాడు నవ్వు ఆపుకొనలేనివాడు కారాదు.

అన్నిటికన్న పెద్ద చేటు నాటిక తరువాత జరుగును. గంట మ్రోగగానే ఎవరో ఒక ఉపాధ్యాయుడు మైకు అందుకొని "పిల్లలూ, ఈ నాటిక వలన మనము తెలిసికొన్న నీతి ఏమనగా" అని మొదలు పెట్టును. ముందురోజే వారితో మాట్లాడి, గంట తరువాత నేరుగా జాతీయ గీతమునకు పోవునట్లు క్రమం నిర్ణయించుకొనవలెను. ప్రతిదినం పిల్లలు చెప్పు ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు మొదట తెలుగులోనే వ్రాసినారు; అది ఎంత క్లుప్తంగా ఉన్నదో చూచినచో, ప్రార్థన వేళ మాటలకు ఎంత కొలత కావలెనో తెలియగలదు. ప్రతిజ్ఞకును జాతీయ గీతమునకును నడుమ నాటికకు స్థానం. నాటిక నిడివి గడియారం పెట్టి చూచుకొన్నచో నాలుగు నిమిషాలు దాటదు. దాటుచున్నదన్న కూత వద్ద బాలురు ఆటలో పడిపోయినారని అర్థం.

నాటిక కుదిరినదో లేదో ఎట్లు తెలియును? అదేరోజు మధ్యాహ్నం చివరి వరుసలో నిలుచున్న తరగతికి వెళ్ళి, "ఆఖరు పాయింటు ఎవరికి వచ్చింది?" అని మాత్రం అడుగవలెను. "రైడర్ వాళ్ళకు సార్, ఇరవై అయిదు వాళ్ళకు" అన్నచో తాకుడు కనబడినది, చివరి మాట వినబడినది. "ఎల్లప్పుడు నిజం చెప్పాలె సార్" అన్నచో వారు నాటికను చూడలేదు, ఉపాధ్యాయునికి ఇష్టమైన జవాబు చెప్పినారు. "కెప్టెన్ పిచ్చోడు సార్" అని ఎవడైనా అన్నచో వానిని కోప్పడరాదు. వాడు శ్రద్ధగా చూచినాడు. వానికే మరుసటిసారి కెప్టెన్ వేషం ఇవ్వవలెను.

బాలికల పాఠశాలలో వేయదలచినవారు కబడ్డీనే ఉంచవచ్చును; బాలికలును ఈ ఆట బాగుగ ఆడుచున్నారు. "అన్నా" అన్నచోట "అక్కా" అని, క్రియలను తగినట్లు మార్చిన చాలును. ఖోఖోకు మార్చవలెనని అనుకొన్నవారికి ఒక సూచన: అందులో తరుమునది ఒకసారి దిక్కు పట్టిన తరువాత వెనుదిరుగరాదు, నడిమి పట్టీని దాటరాదు. దాటిన పాదమును అంపైరు చూడకపోవచ్చును, తరిమిన బాలికకు మాత్రం తెలియును. అయితే అక్కడ తప్పు చేసినది తానే అగును. తాను ఏ తప్పు చేయకుండనే లాభము పొందిన ఘట్టం కాదు. కావున ఖోఖోలో వేయునపుడు తాకుడును తీసికొనవలెను: పరుగెత్తు బాలిక వీపును వ్రేలికొన తగిలినది, అంపైరుకు కనబడలేదు, ఆట సాగుచున్నది. అప్పుడు నాలుగు పాత్రలును, వారి మాటలును దాదాపు ఇట్లే నిలుచును. "ఆ పాయింటు మాది కాదు" అన్న మాటకు బదులు "సార్, మా పిల్ల ఔట్" అని కెప్టెన్ చేత పలికించవలెను.